f గ్రాఫు చూసి g గురించి చెప్పడం: ఎత్తు ఒక ప్రశ్న, వాలు ఇంకో ప్రశ్న

వానాకాలంలో పేపర్లు రోజూ వేసే జలాశయాల పట్టికలో మూడు అంకెలు పక్కపక్కనే కనిపిస్తాయి: ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో, నిల్వ. మొదటి రెండూ క్యూసెక్కుల్లో, మూడోది టీఎంసీల్లో. వరద అన్నిటికంటే ఉద్ధృతంగా వచ్చిన రోజునే జలాశయంలో నీళ్లు కూడా అన్నిటికంటే ఎక్కువగా ఉంటాయని చాలామంది అనుకుంటారు. అలా ఉండాలని లేదు. ఇన్‌ఫ్లో 4 లక్షల క్యూసెక్కులకు చేరిన రోజున గేట్లెత్తి 4.5 లక్షలు వదిలితే, ఆ రోజు నిల్వ తగ్గుతుంది. వరద తగ్గుముఖం పట్టి ఇన్‌ఫ్లో లక్షకు పడిపోయినా, వదిలేది 60 వేలే అయితే నిల్వ పెరుగుతూనే ఉంటుంది. వచ్చేది పోయేదానికంటే ఎక్కువగా ఉన్న దశ ముగిసి, తక్కువగా ఉండే దశ మొదలైన క్షణంలోనే నిల్వ గరిష్ఠానికి చేరుతుంది.

ఇన్‌ఫ్లోలోంచి ఔట్‌ఫ్లో తీసివేస్తే మిగిలేదాన్ని f అనుకుందాం. ఒక క్షణం నుంచి ఇంకో క్షణం దాకా f పోగుపడితే వచ్చే మొత్తం g. ఒక క్యూసెక్కు రోజంతా పారితే 86,400 ఘనపుటడుగులు. ఒక టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. కాబట్టి f విలువ 11,574 క్యూసెక్కుల దగ్గర ఒక రోజంతా నిలబడితే g దాదాపు ఒక టీఎంసీ పెరుగుతుంది. f, g రెండూ నీళ్ల గురించే చెబుతున్నా వాటి కొలమానాలు వేరు: ఒకటి వేగం, ఇంకోటి పరిమాణం. f గ్రాఫులో కనిపించే ఎత్తును g ఎత్తుగా పొరబడటం ఈ రకం లెక్కల్లో అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. నిల్వ ఎంత అని అడిగితే ఇన్‌ఫ్లో ఎంతో చెప్పినట్టు ఉంటుంది అది.

గణితంలో దీన్ని ఇలా రాస్తారు:

g(x) = ∫ₐˣ f(t) dt

ఇక్కడ a స్థిరం, x మారుతుంది. t కేవలం లోపల తిరిగే చలరాశి. ఇలాంటి g ని సంచయ ప్రమేయం అందాం. f అవిచ్ఛిన్నంగా ఉన్నంతవరకు, సమాకలన గణిత ప్రాథమిక సిద్ధాంతం ప్రకారం g′(x) = f(x). మాటల్లో చెప్పాలంటే, f గ్రాఫు ఎత్తు ఎంతో g గ్రాఫు వాలు అంత. f సూత్రం ఇవ్వకుండా గ్రాఫు మాత్రమే గీసి ఇచ్చినా g గురించి ఎంతో చెప్పగలగడం ఈ ఒక్క వాక్యం వల్లే. మన ఇంటర్మీడియట్‌లో నిశ్చిత సమాకలనుల అధ్యాయం ఎక్కువగా సూత్రాలతో విలువ కట్టడం మీద నడుస్తుంది. అమెరికాలో హైస్కూలు పిల్లలు రాసే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కాలిక్యులస్ పరీక్షలో మాత్రం సరళరేఖా ఖండాలతో గీసిన f గ్రాఫు ఇచ్చి, g ఎక్కడ పెరుగుతుంది, వంపు ఎటు, గరిష్ఠం ఎక్కడ, ఎందుకు అని అడగడం తరచూ కనిపిస్తుంది. అక్కడ చదువుతున్న తెలుగు పిల్లలు చాలామంది లెక్క సరిగ్గా చేసి, "ఎందుకు" దగ్గర తడబడతారు. ఆ "ఎందుకు" కోసమే ఒక గ్రాఫును నిదానంగా చదవాలి.

ఒక గ్రాఫు

f గ్రాఫు −2 నుంచి 12 దాకా ఉందనుకుందాం. కింది బిందువులను వరసగా సరళరేఖలతో కలిపితే చాలు. కాగితం మీద గీసి పక్కన పెట్టుకుంటే మిగతాదంతా సులువు.

(−2, 0), (2, 4), (6, −4), (8, 0), (9, −2), (10, 0), (12, 2)

చూడటానికి ఇలా ఉంటుంది: −2 దగ్గర అక్షం మీద మొదలై 2 దగ్గర 4 ఎత్తుకు ఎక్కుతుంది. అక్కడి నుంచి నిటారుగా దిగుతూ 4 దగ్గర అక్షాన్ని దాటి, 6 దగ్గర −4 లోతుకు పోతుంది. మళ్లీ ఎక్కి 8 దగ్గర అక్షాన్ని తాకుతుంది, కానీ దాటదు. తిరిగి 9 దగ్గర −2కు దిగి, 10 దగ్గర ఈసారి నిజంగానే అక్షాన్ని దాటి, 12 దగ్గర 2 ఎత్తులో ఆగుతుంది. సంచయాన్ని 0 నుంచి మొదలుపెడదాం: g(x) = ∫₀ˣ f(t) dt.

ముందు g ఎక్కడ పెరుగుతుందో చూద్దాం. దీనికి f గురించి అడగాల్సింది ఒక్కటే: గ్రాఫు అక్షానికి పైన ఉందా, కింద ఉందా? పైన ఉన్నచోట g ఆరోహణం, కింద ఉన్నచోట అవరోహణం. −2 నుంచి 4 దాకా f పైనే ఉంది, కాబట్టి g పెరుగుతుంది. 4 నుంచి 10 దాకా f కింద ఉంది, మధ్యలో 8 దగ్గర ఒక్క బిందువులో మాత్రం సున్నా. ఆ ఒక్క బిందువు వల్ల g తగ్గడం ఆగిపోదు. 4 నుంచి 10 దాకా మొత్తం అంతరం మీద g అవరోహణమే. 10 నుంచి 12 దాకా మళ్లీ పెరుగుతుంది.

ఇందులో ఎక్కువమంది జారిపడే చోటు 2కూ 4కూ మధ్య. అక్కడ f గ్రాఫు 4 ఎత్తు నుంచి 0 దాకా గబగబా దిగుతోంది. కంటికి ఆ దిగుడే కొట్టొచ్చినట్టు కనబడుతుంది కాబట్టి "g తగ్గుతోంది" అని రాసేస్తారు. కానీ దిగుతున్నా గ్రాఫు ఇంకా అక్షానికి పైనే ఉంది. అంటే ఇంకా కలుస్తూనే ఉంది, కలిసే వేగం మాత్రం తగ్గుతోంది. సంఖ్యల్లో చూస్తే g(2) = 6, g(3) = 9, g(4) = 10. మొదటి యూనిట్‌లో 3 కలిసింది, రెండో యూనిట్‌లో 1 కలిసింది. తక్కువ కలవడం వేరు, తగ్గడం వేరు. అక్షానికి కింద దీనికి సరిగ్గా ఎదురైన సంగతి జరుగుతుంది: 6 నుంచి 8 దాకా f గ్రాఫు పైకి ఎక్కుతోంది, అయినా g తగ్గుతూనే ఉంది. 6 నుంచి 7 దాకా 3 పోయింది, 7 నుంచి 8 దాకా 1 పోయింది.

వంపు గురించి అడగాల్సింది వేరే ప్రశ్న

f ఎక్కుతోందా, దిగుతోందా అన్న ప్రశ్నకు పని ఉండేది ఇక్కడ. g′ = f కాబట్టి, f ఎక్కుతున్నచోట g వాలు పెరుగుతూ పోతుంది. వాలు పెరుగుతూ పోతే వక్రం పైకి తెరుచుకున్న గిన్నెలా వంగుతుంది. f దిగుతున్నచోట వాలు తగ్గుతూ పోయి, వంపు కిందికి తెరుచుకుంటుంది. f అక్షానికి పైనుందా కిందుందా అన్నదానితో ఈ ప్రశ్నకు ఏ సంబంధమూ లేదు. వంపు చూసేటప్పుడు x-అక్షాన్ని చేత్తో మూసేసినా జవాబు మారదు. పెరుగుదల చూసేటప్పుడు మాత్రం ఆ అక్షం లేకుండా ఒక్క అడుగు కూడా వేయలేం.

మన గ్రాఫులో f ఎక్కేది −2 నుంచి 2 దాకా, 6 నుంచి 8 దాకా, 9 నుంచి 12 దాకా. ఈ మూడు అంతరాల్లో g వంపు పైకి. f దిగేది 2 నుంచి 6 దాకా, 8 నుంచి 9 దాకా. ఈ రెండింటిలో వంపు కిందికి. వంపు మారే బిందువులు 2, 6, 8, 9. ఇవన్నీ f గ్రాఫులో శిఖరాలో లోయలో అయిన చోట్లే. f అత్యధికంగా ఉన్న 2 దగ్గర g కి గరిష్ఠం లేదు, వంపు మార్పు ఉంది. అక్కడ g అన్నిటికంటే నిటారుగా ఎక్కుతోంది. 6 దగ్గర అన్నిటికంటే నిటారుగా దిగుతోంది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. ఈ మూలల దగ్గర f కి అవకలజం లేదు కదా, g″ లేనిచోట వంపు మారుతుందని ఎలా అంటాం? g″ విలువ సున్నా కావాలన్నది షరతు కాదు. ఆ బిందువుకు ఎడమవైపు వంపు ఒకలా, కుడివైపు ఇంకోలా ఉంటే చాలు. f అవిచ్ఛిన్నం కాబట్టి g కి అక్కడ స్పర్శరేఖ ఉంది, వంపు ఆ స్పర్శరేఖకు ఒకవైపు నుంచి రెండోవైపుకు మారుతుంది. అలాగని ప్రతి మూలా వంపు మార్పు కాదు. 10 దగ్గర కూడా ఒక మూల ఉంది: దానికి ముందు f వాలు 2, తర్వాత 1. రెండూ ధనాత్మకమే, f రెండువైపులా ఎక్కుతూనే ఉంది. కాబట్టి 10 దగ్గర g″ లేదు, వంపు మార్పూ లేదు. మూల కనబడగానే వంపు మార్పు అని రాసేవాళ్లు ఇలాంటిచోట దొరికిపోతారు.

8 దగ్గర సంగతిని విడిగా చూడాలి. అక్కడ f(8) = 0, అంటే g స్పర్శరేఖ అడ్డంగా ఉంది. f సున్నా అయిన చోటల్లా గరిష్ఠమో కనిష్ఠమో అనుకునే అలవాటు ఇక్కడ బెడిసికొడుతుంది. f రెండువైపులా రుణాత్మకం కాబట్టి g దిగుతూ వచ్చి, ఒక్క క్షణం చదునై, మళ్లీ దిగడం మొదలుపెడుతుంది. మలుపు తిరగదు. అదే సమయంలో f కి 8 ఒక చిన్న శిఖరం కాబట్టి వంపు మాత్రం మారుతుంది. ఒకే బిందువు దగ్గర రెండు ప్రశ్నలూ వేసి రెండు వేర్వేరు జవాబులు తెచ్చుకోవాల్సిన చోటు ఇది.

గరిష్ఠం: గుర్తు మారాలి, ఆపైన విలువలు పోల్చాలి

4 దగ్గర f ధనాత్మకం నుంచి రుణాత్మకానికి మారింది, కాబట్టి g కి అక్కడ స్థానిక గరిష్ఠం. 10 దగ్గర రుణాత్మకం నుంచి ధనాత్మకానికి మారింది, కాబట్టి స్థానిక కనిష్ఠం. కారణం రాసేటప్పుడు ఈ మాటే రాయాలి. "4 దగ్గర f సున్నా" అని ఆపేస్తే కారణం సగమే, ఎందుకంటే 8 దగ్గర కూడా f సున్నాయే. "4 దగ్గర f దిగుతోంది" అన్నా సరిపోదు, 3 దగ్గర కూడా దిగుతోంది. గుర్తు మారడమే అసలు కారణం.

మొత్తం అంతరం మీద పరమ గరిష్ఠం కావాలంటే దాంతో పని అయిపోదు, చివరి బిందువులు కూడా చూడాలి. ఇక్కడ వైశాల్యాలు లెక్కపెట్టక తప్పదు. అన్నీ త్రిభుజాలు, సమలంబ చతుర్భుజాలే. 0 నుంచి 2 దాకా f ఎత్తు 2 నుంచి 4కు పెరుగుతుంది, సగటు 3, వెడల్పు 2, వైశాల్యం 6. 2 నుంచి 4 దాకా త్రిభుజం, వైశాల్యం 4. 4 నుంచి 6, 6 నుంచి 8 రెండూ అక్షం కింద తలా 4. 8 నుంచి 9, 9 నుంచి 10 తలా 1, అవీ కిందే. 10 నుంచి 12 దాకా అక్షం పైన 2. వరసగా కలుపుతూ, తీసివేస్తూ పోతే:

g(0) = 0, g(2) = 6, g(4) = 10, g(6) = 6, g(8) = 2, g(9) = 1, g(10) = 0, g(12) = 2

ఇక ఎడమ చివర. g(−2) అంటే 0 నుంచి −2 దాకా, అంటే వెనక్కి పోవడం. ∫₀⁻² f = −∫₋₂⁰ f. ఆ త్రిభుజం వైశాల్యం 2, అక్షానికి పైనే ఉంది, అయినా g(−2) = −2. గ్రాఫు పైన ఉంటే విలువ ధనాత్మకం అని యాంత్రికంగా రాసేస్తే ఇక్కడ +2 వస్తుంది, తప్పు బయటపడదు. దాన్ని పట్టుకునే దారి ఒకటుంది: −2 నుంచి 0 దాకా f పైన ఉంది కాబట్టి g పెరగాలి. పెరిగి 0కు చేరాలంటే మొదలు 0కంటే తక్కువగా ఉండాలి. +2 నుంచి పెరిగి 0కు రావడం కుదరదు. లెక్క కట్టిన విలువలను పెరుగుదల దిశతో ఇలా సరిచూసుకుంటే గుర్తుల పొరపాట్లు దాదాపు అన్నీ దొరుకుతాయి.

పరమ గరిష్ఠం g(4) = 10. పరమ కనిష్ఠం 10 దగ్గరున్న స్థానిక కనిష్ఠం కాదు, ఎడమ చివర g(−2) = −2. చివరలు చూడనివాళ్లు సున్నా దగ్గరే ఆగిపోతారు. కుడి చివర కూడా ఊరకే వదిలేయకూడదు. f గ్రాఫు 12 దగ్గర ఆగకుండా ఇంకా ఎక్కుతూ పోయి ఉంటే, పైన పోగుపడిన వైశాల్యం 10 దాటిన క్షణంలో గరిష్ఠం చోటు మారిపోయేది. 4 దగ్గర పరమ గరిష్ఠం నిలబడింది కేవలం తర్వాత పోయిన 10లో తిరిగి వచ్చింది 2 మాత్రమే కాబట్టి.

g బొమ్మ గీయడానికి ఇప్పుడు అన్నీ చేతిలో ఉన్నాయి. f ముక్కలు సరళరేఖలు కాబట్టి g ముక్కలన్నీ పరావలయాలు. 2 నుంచి 6 దాకా f(x) = −2(x − 4), అక్కడ g(x) = 10 − (x − 4)². శిఖరం సూదిమొనలా ఉండదు, నున్నగా గుండ్రంగా ఉంటుంది. f లో ఉన్న మూలలు g లో కంటికి ఆనవు. g గ్రాఫును కూడా మూలలతో, సరళరేఖలతో గీసినవాళ్లు f నే మళ్లీ గీస్తున్నట్టు లెక్క.

మొదలు 0 బదులు 4 తీసుకుంటే ఏమవుతుంది? ∫₄ˣ f విలువ g(x) − 10. వక్రం మొత్తం 10 మెట్లు కిందికి జరుగుతుంది, ఆకారం అదే, గరిష్ఠం చోటూ అదే, వంపు మారే చోట్లూ అవే. మారేది విలువ ఒక్కటే: ఇప్పుడు గరిష్ఠం 0, మిగతా అన్నిచోట్లా g రుణాత్మకం. జలాశయంలో వానలకు ముందే ఎంత నీరుందో తెలియకపోయినా నిల్వ ఏ రోజు గరిష్ఠమో చెప్పగలం, ఎంతో మాత్రం చెప్పలేం. నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులకు ఇంకా ఎంత దూరంలో ఉందో తెలియాలంటే మొదటి రోజు నిల్వ తెలిసి తీరాలి.

జలాశయం ఇంకో సంగతి కూడా చూపిస్తుంది. గేట్లు ఒక్కసారిగా ఎత్తితే f నెమ్మదిగా సున్నాను దాటదు, గంతు వేస్తుంది. 5 దాకా f = 3, ఆ తర్వాత f = −1 అనుకుందాం. f ఎక్కడా సున్నా కాలేదు, అయినా 5 దగ్గర g కి గరిష్ఠం ఉంది, ఎందుకంటే గుర్తు మారింది. f విచ్ఛిన్నమైనా g తెగదు, నిల్వ ఒక్కసారిగా మాయం కాదు కదా. కానీ అక్కడ g కి మూల వస్తుంది: ఎడమ వాలు 3, కుడి వాలు −1. g′(5) లేదు. f = 0 సమీకరణం సాధించి గరిష్ఠాలు వెతికే పద్ధతి ఇలాంటి గ్రాఫు మీద వట్టి చేతులతో తిరిగి వస్తుంది.

సూత్రం దొరకని g

పైన అన్నీ త్రిభుజాలే కాబట్టి, f సూత్రం రాసుకుని సమాకలనం చేసేస్తే పోలేదా అనిపించవచ్చు. f(t) = sin t / t తీసుకుంటే ఆ దారి మూసుకుపోతుంది. t = 0 దగ్గర విలువను 1 అనుకుందాం. దీని సంచయ ప్రమేయాన్ని Si(x) = ∫₀ˣ (sin t / t) dt అని రాస్తారు. మనకు తెలిసిన మామూలు ప్రమేయాలతో దీనికి సూత్రం రాయడం సాధ్యం కాదని నిరూపణ ఉంది. గ్రాఫు చదవడం మాత్రం ఎప్పటిలాగే జరిగిపోతుంది.

ధనాత్మక x వైపు, sin t / t గుర్తు sin t గుర్తే. కాబట్టి π దగ్గర పై నుంచి కిందికి, 2π దగ్గర కింది నుంచి పైకి, 3π దగ్గర మళ్లీ కిందికి దాటుతుంది. Si కి స్థానిక గరిష్ఠాలు π, 3π, 5π దగ్గర, కనిష్ఠాలు 2π, 4π దగ్గర. ఇక అన్నిటికంటే పెద్ద గరిష్ఠం ఏది? హారంలో t పెరుగుతూ పోతుంది కాబట్టి ఒక్కో గుబ్బ వైశాల్యం ముందుదానికంటే చిన్నది. π దగ్గరకు చేరాక పోయే వైశాల్యం ఎప్పుడూ తర్వాత తిరిగి వచ్చేదానికంటే ఎక్కువ. అందుకే 3π దగ్గర ఎత్తు π దగ్గర ఎత్తును అందుకోలేదు, 5π దగ్గరిది 3π దగ్గరిదాన్ని అందుకోలేదు. పరమ గరిష్ఠం π దగ్గరే అని ఒక్క విలువా కట్టకుండా చెప్పేశాం. విలువలు కావాలంటే Si(π) ≈ 1.852, Si(2π) ≈ 1.418. ఊగులాట చిన్నదవుతూ x అనంతానికి పోయేకొద్దీ π/2 ≈ 1.571 వైపు సర్దుకుంటుంది.

వంపు మారే చోట్లను మాత్రం తొందరపడి రాయకూడదు. sin t కి లోయ 3π/2, అంటే 4.712 దగ్గర ఉంటుంది కాబట్టి Si వంపు కూడా అక్కడే మారుతుందని రాయబుద్ధవుతుంది. కానీ చూడాల్సింది sin t లోయ కాదు, sin t / t లోయ. t తో భాగించడం వల్ల లోయ కొంచెం ఎడమకు జరుగుతుంది. అవకలజం సున్నా చేస్తే tan t = t వస్తుంది, మొదటి ధనాత్మక సాధన సుమారు 4.493. గ్రాఫును నిజంగా జాగ్రత్తగా గీస్తే ఈ జరుగుడు కంటికే కనిపిస్తుంది. 0 దగ్గర కూడా f కి శిఖరం ఉంది, కాబట్టి Si వంపు మూలబిందువు దగ్గర కూడా మారుతుంది.

π దగ్గరి ఆ గరిష్ఠానికి ఫోరియర్ శ్రేణుల్లో ఒక ప్రసిద్ధమైన పాత్ర ఉంది. గంతు ఉన్న ప్రమేయాన్ని సైన్లు, కొసైన్లతో కూర్చినప్పుడు, గంతు పక్కనే శ్రేణి అవసరమైన దానికంటే పైకి ఎగబాకుతుంది. ఎన్ని పదాలు కలిపినా ఆ ఎగబాకడం సన్నబడి గంతుకు దగ్గరగా జరుగుతుంది తప్ప, ఎత్తు తగ్గి సున్నాకు పోదు. దీన్ని 1848లో హెన్రీ విల్‌బ్రహామ్ గుర్తించాడు, 1899లో గిబ్స్ మళ్లీ బయటపెట్టాడు, ఇప్పుడు గిబ్స్ పేరుతోనే పిలుస్తారు. ఎంత ఎత్తు ఎగబాకుతుందో నిర్ణయించేది Si(π). అది తన అవధి π/2 కంటే 0.281 ఎక్కువ. దాన్ని π తో భాగిస్తే దాదాపు 0.09, అంటే గంతు ఎత్తులో సుమారు 9 శాతం.